హెడ్‌మాస్టర్‌ను ఎంచుకునే హక్కు ఎవరిది?

ప్రశ్న: సార్, కడప జిల్లాలో మా సొసైటీ నడిపే ఎయిడెడ్ ఉర్దూ హైస్కూలుకు నేను కరస్పాండెంట్‌ని. 1960ల్లో మా ఊరి ముస్లిం పెద్దలు చందాలేసి పెట్టిన బడి ఇది. మొన్న ఏప్రిల్‌లో హెచ్‌ఎం రిటైరయ్యారు. సీనియారిటీ లిస్టులో నాలుగో ఆయన్ను కమిటీ హెచ్‌ఎంగా ఎన్నుకుంది. ఆయన మా బావమరిది, కానీ పనిమంతుడు. మొదటి స్థానంలో ఉన్న తెలుగు మేడం మన మతం వారు కాదు. ఆమె డీఈవో ఆఫీసులో కంప్లైంట్ ఇచ్చారు. సీనియారిటీ ప్రకారం వేయకుంటే అప్రూవల్ ఇవ్వం, గ్రాంటు ఆపుతాం అని లెటర్ వచ్చింది. మాది మైనారిటీ స్కూలు గదా, ప్రభుత్వం ఇంత దూరం రావచ్చా? టీచర్లంతా టెట్ పాస్ కావాలని కూడా అంటున్నారు. అది మాకూ వర్తిస్తుందా? అందరం టెన్షన్‌లో ఉన్నాం.
– ఒక కరస్పాండెంట్, కడప జిల్లా

జవాబు: కరస్పాండెంట్ గారూ, ముందు సూటిగా చెప్తాను. హెచ్‌ఎంను ఎంచుకునే విషయంలో చట్టం మీ వైపే ఉంది. సీనియారిటీ పాటించలేదన్న ఒక్క కారణంతో మీ ప్రపోజల్‌ను తిప్పి పంపితే అది కోర్టులో నిలవదు. కానీ మీ ఉత్తరంలో "ఆయన మా బావమరిది" అని ఒక చిన్న మాట ఉంది. మీరు ఓడిపోవడమంటూ జరిగితే అక్కడే ఓడిపోతారు. అందుకే ఆ మాట దగ్గరకు మళ్లీ వస్తాను.

నా దగ్గరకు వచ్చే మేనేజ్‌మెంట్లలో చాలామంది మత స్వేచ్ఛ అంటూ రాజ్యాంగం 25వ అధికరణంతో మొదలుపెడతారు. మీ కేసుకు కావలసింది 30(1). ఈ రెంటికీ ఉన్న తేడా తెలిస్తే మీ హక్కు ఎంతవరకో తెలుస్తుంది. 25వ అధికరణం మొదలయ్యేదే షరతుతో. ప్రజాశాంతికి, నైతికతకు, ఆరోగ్యానికి లోబడి అనే మాటలు అందులోనే ఉన్నాయి. 30(1)లో అలాంటి మాటేమీ లేదు. మతం వల్ల గానీ భాష వల్ల గానీ అల్పసంఖ్యాకులైన వారు తమకు నచ్చిన విద్యాసంస్థలు పెట్టుకుని నడుపుకోవచ్చని మాత్రమే ఉంది. షరతు రాయలేదు కాబట్టి ప్రభుత్వం గడప తొక్కకూడదని కొందరు వాదిస్తారు. ఆ వాదనకు 1958లోనే, కేరళ విద్యా బిల్లు మీద రాష్ట్రపతి సలహా అడిగినప్పుడే, సుప్రీంకోర్టు తెర దించింది. నడిపే హక్కులో పాడు చేసే హక్కు కలిసి లేదని చెప్పింది. టీచర్లకు అర్హత లేకపోయినా, గదుల్లో గాలీ వెలుతురూ లేకపోయినా మాది మైనారిటీ బడి, మమ్మల్ని అడగొద్దు అంటే కుదరదు.

మరి గీత ఎక్కడ గీయాలి? దీనికి నాకు అన్నిటికంటే బాగా నచ్చే తీర్పు 1963 నాటి సిధ్‌రాజ్‌భాయ్ కేసు. మీ పరిస్థితికి అది అద్దం లాంటిది. గుజరాత్ ప్రాంతంలో ఒక క్రైస్తవ సంస్థ టీచర్ల ట్రైనింగ్ కాలేజీ నడిపేది. వంద సీట్లలో ఎనభై మేము పంపినవాళ్లకే ఇవ్వాలి, లేకుంటే గ్రాంటూ గుర్తింపూ రెండూ పోతాయి అని ప్రభుత్వం ఉత్తర్వు పంపింది. దేశానికి శిక్షణ పొందిన టీచర్లు కావాలి, అది ప్రజాహితమే కదా అని వాదించింది కూడా. కోర్టు ఒప్పుకోలేదు. మైనారిటీ సంస్థ మీద పెట్టే నిబంధన సహేతుకంగా ఉండాలి, అది ఆ సంస్థను మంచి విద్యాసంస్థగా నిలబెట్టేదై ఉండాలి అని రెండు పరీక్షలు పెట్టింది. గ్రాంటు ఆశ చూపి హక్కు వదులుకోమనడాన్ని ఒప్పుకుంటే 30వ అధికరణం కాగితం మీద మాటగా మిగిలిపోతుందని చెప్పింది. మీకొచ్చిన లెటర్‌ను ఆ రెండు పరీక్షల ముందు పెట్టి చూడండి. హెచ్‌ఎంకు ఫలానా డిగ్రీ, బీఈడీ, ఇన్నేళ్ల అనుభవం ఉండాలనడం చదువు నాణ్యత గురించి. అర్హత ఉన్న నలుగురిలో ముందు చేరిన మనిషినే వేయాలనడం నాణ్యత గురించి కాదు, బడి పగ్గాలు ఎవరి చేతికివ్వాలో చెప్పడం.

ఈ తేడాను సుప్రీంకోర్టు ఒకసారి హెచ్‌ఎం పోస్టు మీద, ఇంకోసారి కాలేజీ ప్రిన్సిపాల్ పోస్టు మీద తేల్చింది. రెండూ కేరళ కేసులే. 1998లో ఎంజే హైస్కూల్ కేసు వచ్చింది. ఎయిడెడ్ ముస్లిం స్కూలు అది. మేనేజర్ బయటి వ్యక్తిని హెచ్‌ఎంగా తెచ్చుకుంటే, స్కూల్లోని ఎన్. అమ్మద్ అనే సీనియర్ టీచర్ కోర్టుకెళ్లారు. అర్హత ఉన్న మనిషిని హెచ్‌ఎంగా ఎంచుకునే హక్కుకు 30(1) రక్షణ ఉంది, ఆ మనిషి బయటివాడైనా సరే అని కోర్టు చెప్పింది. బడి ఎలాంటి బడి అవుతుందో నిర్ణయించేది హెచ్‌ఎం కుర్చీలో కూర్చున్న మనిషి కాబట్టి ఆ ఎంపిక పోతే నడిపే హక్కులో సగం పోయినట్టే. 2006లో మలంకర సిరియన్ క్యాథలిక్ కాలేజీ కేసులో ఇంకాస్త ముందుకు వెళ్లింది. అక్కడ ప్రిన్సిపాల్ పోస్టును సీనియారిటీ, సామర్థ్యం చూసి నింపాలని కేరళ యూనివర్సిటీ చట్టంలోనే ఉంది. అంటే డీఈవో లెటర్ కంటే ఎంతో బరువైనది, శాసనసభ చేసిన చట్టం. అయినా ఎయిడెడ్ మైనారిటీ కాలేజీకి అది వర్తించదని కోర్టు తేల్చింది. ఆ పోస్టుకు జీతం ప్రభుత్వమే ఇస్తున్నా తేడా లేదంది. గ్రాంటు తీసుకున్నంత మాత్రాన సంస్థ స్వభావం మారదు. గ్రాంటు సొమ్ము సరిగ్గా ఖర్చవుతోందా లేదా అని చూసే షరతులు మాత్రం ప్రభుత్వం పెట్టవచ్చు.

ఇప్పుడు మీకు వ్యతిరేకంగా వాళ్లు చూపించగల తీర్పు కూడా చెప్పాలి. 2020 జనవరి 6న పశ్చిమ బెంగాల్ మదరసాల కేసులో, ఎయిడెడ్ మదరసాలకు టీచర్లను సర్వీస్ కమిషన్ ఎంపిక చేసి పంపే చట్టాన్ని సుప్రీంకోర్టు సమర్థించింది. లెక్కలు, సైన్సు లాంటి మామూలు సబ్జెక్టులకు ఉన్నవాళ్లలో ఉత్తములను పంపితే అది ఆ పిల్లలకు మేలే కదా అన్నది దాని ఆధారం. పాత పెద్ద ధర్మాసనాల తీర్పులతో ఇది ఎంతవరకు పొసగుతుందో నాకు నమ్మకం లేదు, కానీ తీర్పు తీర్పే. మీ కేసు మాత్రం దానికి దూరం. బెంగాల్‌లో ఒక ప్రత్యేక చట్టం, ఒక కమిషన్, ప్రతిభ చూసి చేసే ఎంపిక ఉన్నాయి. మీకొచ్చినది ఆఫీసు లెటర్. అది అడుగుతున్నదీ ప్రతిభ కాదు, సర్వీసులో చేరిన తేదీ. ఆ లెటర్‌లో ఏ చట్టం, ఏ రూల్, ఏ జీవో కింద అలా చెప్తున్నారో రాశారా? ఒకసారి తీసి చూడండి. రాయకపోతే జవాబులో మీ మొదటి ప్రశ్న అదే కావాలి.

ఇదంతా నిలబడాలంటే మీది మైనారిటీ సంస్థ అని రుజువు కావాలి. ప్రభుత్వం నుంచి గానీ, 2004 చట్టం కింద ఏర్పడిన జాతీయ మైనారిటీ విద్యాసంస్థల కమిషన్ నుంచి గానీ సర్టిఫికెట్ ఉంటే మొదటి పేజీగా అదే పెట్టండి. గడువు దాటిపోయి ఉంటే భయపడకండి. సర్టిఫికెట్ వల్ల హోదా పుట్టదు, ముందే ఉన్న హోదాను ప్రభుత్వం ఒప్పుకోవడమే సర్టిఫికెట్ అని అదే అమ్మద్ తీర్పులో ఉంది. అయితే సర్టిఫికెట్ లేనప్పుడు పునాది మీరే చూపించాలి. 2024 నవంబర్ 8న అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీ కేసులో ఏడుగురు జడ్జీల్లో నలుగురు ఈ పునాదిని ఎలా చూడాలో చెప్పారు. సంస్థ పెట్టాలన్న ఆలోచన ఎవరికి వచ్చింది, ఎవరి మేలు కోసం పెట్టారు, స్థలం ఎవరిది, డబ్బు ఎవరిది, పని నడిపింది ఎవరు అన్నవి చూడాలి.

కొన్నేళ్ల కింద కర్నూలు వైపు ఒక బడి కోసం ఈ రుజువులు వెతికాం. ఆఫీసు గదిలో ఒక రేకు పెట్టె, దాని మీద హాజరు పట్టీల దొంతర. అడుగున గుడ్డ అట్ట వేసిన మినిట్స్ బుక్ దొరికింది. ఉర్దూలో నల్ల సిరాతో రాసి ఉంది, అంచులు చెదలు కొట్టాయి. చందాల పేజీలో ఒకాయన ఐదు రూపాయలు, ఇంకొకాయన రెండు బండ్ల నాపరాయి, ఒక టైలర్ నెలకు ఎనిమిదణాలు. పక్కనే వేలిముద్రలు. ఆ రెండు బండ్ల నాపరాయి ఇప్పటికీ ఆ వరండాలో నేల కిందే ఉంది. మూడు పేజీల అఫిడవిట్ చెప్పలేనిది ఆ ఒక్క పేజీ చెప్పింది. మీ దగ్గరా అలాంటి పుస్తకం ఉండే ఉంటుంది. సొసైటీ రిజిస్ట్రేషన్ కాగితం, స్థలం దానపత్రం, మొదటి బైలాస్, ఆ చందాల పుస్తకం వెతికి, ఉర్దూ పేజీలకు తెలుగు, ఇంగ్లీషు అనువాదాలు చేయించి పెట్టుకోండి.

ఇక బావమరిది మాట. 30(1) ఇచ్చిన హక్కు ఆ సమాజానిది, ఆ రోజు రెండు బండ్ల రాయి తోలిన మనిషిదీ వేలిముద్ర వేసిన మనిషిదీ. కరస్పాండెంట్ ఇంటిది కాదు. మలంకర తీర్పు ఇచ్చిన స్వేచ్ఛలో కూడా ఎంపిక పద్ధతి హేతుబద్ధంగా ఉండాలన్న మాట ఉంది. మీ కమిటీ తీర్మానంలో ఏముందో నాకు తెలియదు గానీ, ఇలాంటివి నేను చూసిన వాటిలో చాలావరకు రెండే లైన్లు. "ఫలానా వారిని హెచ్‌ఎంగా నియమించుటకు ఏకగ్రీవంగా తీర్మానించడమైనది." కింద మొదటి సంతకం మీదై ఉంటుంది. ఆ కాగితాన్ని జడ్జి ముందు పెడితే, రాజ్యాంగం గురించి మీ లాయరు ఎంత బాగా చెప్పినా, అవతలి లాయరు ఆ సంతకం చూపించి కూర్చుంటాడు.

కాబట్టి ఆ తీర్మానాన్ని రద్దు చేసుకుని మళ్లీ మొదటి నుంచి చేయమని నా సలహా. దీనికి నెలకు మించి పట్టదు. లిస్టులో అర్హత ఉన్న అందరికీ, అంటే మొదటి ముగ్గురికీ మీ బావమరిదికీ రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి దరఖాస్తులు అడగండి. ప్రభుత్వం నిర్దేశించిన విద్యార్హతలు, అనుభవం, మీ బడికి వర్తించే రూల్లో డిపార్ట్‌మెంటల్ పరీక్షలు ఉంటే అవీ ఎవరెవరికి ఉన్నాయో ఒక పట్టిక వేయండి. ఈ ఒక్క చోట ప్రభుత్వం మాటే చెల్లుతుంది. మీ బావమరిదికి అనుభవంలో ఒక్క ఏడాది తక్కువున్నా కథ అక్కడితో సరి, ఏ కోర్టూ కాపాడదు. తర్వాత ముగ్గురితో సెలక్షన్ కమిటీ వేయండి. అందులో మీరు ఉండొద్దు, మీ బంధువులు ఉండొద్దు. వేరే ఊరి నుంచి ఒక రిటైర్డ్ హెచ్‌ఎంను పిలవండి. ఉర్దూ మీడియం పిల్లల పదో తరగతి ఫలితాలు ఎలా పెంచుతారు, బడి మానేసిన ఆడపిల్లలను ఎలా వెనక్కి తెస్తారు లాంటి ప్రశ్నలు అందరినీ ఒకేలా అడగాలి, మార్కులు వేయాలి, కారణాలు రాయాలి. తుది తీర్మానం పెట్టే రోజు మీరు మీటింగ్ నుంచి లేచి బయటకు వెళ్లి, ఆ సంగతి మినిట్స్‌లో రాయించండి. ఇంత చేశాక కూడా ఆయనే మొదటొస్తే ఆయన నియామకం గట్టిగా నిలుస్తుంది. రాకపోతే ఇంకొకరు హెచ్‌ఎం అవుతారు, దానికి మీరు సిద్ధంగా ఉండాలి.

తెలుగు మేడం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మీ ఉత్తరంలో ఆమె మతం ప్రస్తావన నన్ను కలుక్కుమనిపించింది. చట్టం అడిగితే, బడి ఆశయాలకు తగిన మనిషిని ఎంచుకునే వీలు మేనేజ్‌మెంట్‌కు ఉంది. కానీ ఆమె సీనియారిటీ చూస్తే మీ పిల్లలకు ఏళ్ల తరబడి తెలుగు నేర్పి ఉంటారు. ఉర్దూ ఇంట్లో పుట్టిన పిల్లలు పదో తరగతి తెలుగు పేపర్ గట్టెక్కడం ఎంత కష్టమో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆమె దరఖాస్తును మిగతావాళ్ల దరఖాస్తుతో సమానంగా చూడండి. ఎంపిక కాకపోతే కారణం ఆమెకే ముందు చెప్పండి, నోటీసు బోర్డు చూసి తెలుసుకునే పరిస్థితి రానివ్వొద్దు. కంప్లైంట్ ఇచ్చారని మెమోలు ఇవ్వడం, ఇంక్రిమెంట్ ఆపడం, సస్పెండ్ చేయడం లాంటివి ఎవరైనా సలహా ఇస్తే వినకండి. హెచ్‌ఎంను ఎంచుకునే హక్కు వేరు, టీచర్ల సర్వీసు భద్రత వేరు. 1980లో హైదరాబాద్ ఆల్ సెయింట్స్ హైస్కూల్ కేసులో, టీచర్‌ను తొలగించాలంటే ముందుగా అధికారుల అనుమతి తీసుకోవాలన్న మన రాష్ట్ర చట్టంలోని నిబంధన మైనారిటీ బడులకు వర్తించదని కోర్టు చెప్పింది. దాన్ని పట్టుకుని విచారణ లేకుండా తీసేయొచ్చు అనుకున్నవాళ్లున్నారు. అది తప్పు. 1986లో ఫ్రాంక్ ఆంథోనీ స్కూల్ కేసులో ఢిల్లీ టీచర్ల జీతాలూ సర్వీసు రక్షణలూ మైనారిటీ స్కూలుకూ వర్తిస్తాయని అదే కోర్టు తేల్చింది. అసంతృప్తితో ఉన్న టీచర్ మంచి టీచర్ కాలేడన్నది ఆ తీర్పు వెనకున్న ఆలోచన.

ఈ ప్రక్రియ పూర్తయ్యాక ప్రపోజల్స్ పంపండి. కవరింగ్ లెటర్‌లో నేను చెప్పిన మూడు తీర్పులు, అంటే 1963, 1998, 2006వి, పేర్లతో రాయండి. ఎంపిక పట్టిక, మార్కుల షీట్, మినిట్స్ కాపీ జత చేసి, అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి. నిరాకరిస్తే కారణాలతో ఉత్తర్వు ఇవ్వమని అడగండి. కారణాలు రాయాల్సి వచ్చినప్పుడు చాలా ఫైళ్లు అక్కడే మెత్తబడతాయి, ఇది నా అనుభవం. జవాబు రాకుండా నెలలు గడిచినా, సీనియారిటీ అనే ఒకే కారణంతో తిప్పి పంపినా, అప్పుడు హైకోర్టులో రిట్ వేయండి. గ్రాంటు గురించి ఒక్క జాగ్రత్త. ఎయిడ్ పొందడం ఏ సంస్థకైనా ప్రాథమిక హక్కు కాదని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. విధానంగా అందరికీ ఆపితే మీరు ప్రశ్నించడం కష్టం. కానీ మిగతా ఎయిడెడ్ స్కూళ్లకు ఇస్తూ, హక్కు వాడుకున్నందుకు మీ ఒక్కరికి ఆపితే, సాయం ఇవ్వడంలో మైనారిటీ సంస్థ అని వివక్ష చూపొద్దనే 30(2) అడ్డొస్తుంది.

టెట్ సంగతి ఇంకా తేలలేదు. విద్యాహక్కు చట్టం మైనారిటీ బడులకు, ఎయిడెడ్‌వైనా కాకపోయినా, వర్తించదని 2014లో ప్రమతి కేసులో అయిదుగురు జడ్జీలు చెప్పారు. టెట్ వచ్చింది ఆ చట్టం దారిలోనే. 2025 సెప్టెంబర్ 1న ఇద్దరు జడ్జీల ధర్మాసనం సర్వీసులో ఉన్న టీచర్లూ టెట్ పాస్ కావాలంది. ఐదేళ్లకు మించి సర్వీసు మిగిలినవాళ్లకు రెండేళ్ల గడువు ఇచ్చింది. అంతకంటే తక్కువున్నవాళ్లు టెట్ లేకుండానే రిటైర్మెంట్ వరకు కొనసాగవచ్చు, ప్రమోషన్ మాత్రం రాదు. మైనారిటీ బడుల విషయానికి వచ్చేసరికి ప్రమతి తీర్పు సరైనదేనా అని సందేహం చెప్పి, విస్తృత ధర్మాసనానికి వదిలింది. అది తేలే దాకా మీ టీచర్లకు ప్రమతి రక్షణ ఉన్నట్టే. ఆ రక్షణను నమ్ముకుని ఖాళీగా కూర్చోమని మాత్రం నేను చెప్పను. వయసున్న టీచర్లను ఈ లోపే రాయమనండి. మన రాష్ట్రంలో 150కి బీసీలకు 75 మార్కులు వస్తే చాలు, బీసీ–ఇ కిందికి వచ్చేవాళ్లకూ అదే.

చివరగా ఈ వారం పని ఒకటుంది. కొత్త ఎంపిక పూర్తయ్యే దాకా ఇన్‌చార్జి హెచ్‌ఎంగా ఆ తెలుగు మేడంనే పెట్టండి. ఇది తాత్కాలిక ఏర్పాటు, దీనివల్ల పోస్టు మీద ఎవరికీ హక్కు రాదు, ఎవరి దరఖాస్తుకూ నష్టం లేదు అని తీర్మానంలో రాయండి. జీతాల బిల్లులు ఆగవు, పదో తరగతి నామినల్ రోల్స్ మీద సంతకానికి మనిషి ఉంటారు. ఆ తీర్మానం కాపీ మీరే తీసుకెళ్లి ఆమె చేతికి ఇవ్వండి.